ప్యాకెట్ మీద ‘ఆర్గానిక్’, ‘న్యాచురల్’, ‘ఫార్మ్ ఫ్రెష్’ అని ఉంటే ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం ఎలా?

ప్యాకెట్ ముందు వైపు కంపెనీ చెప్పుకోవాలనుకున్నది ఉంటుంది, వెనక వైపు చెప్పక తప్పనిది ఉంటుంది. అందుకే చేతిలోకి తీసుకోగానే తిప్పి చూడాలి. ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ, పొలం గట్టు మీద నవ్వుతున్న రైతు ఫొటో, వీటిని అసలు లెక్కలోకి తీసుకోకండి. అవి ఎవరైనా వేసుకోవచ్చు.

1. ముందు ఏ మాట వాడారో చూడండి

మూడింటిలో ‘ఫార్మ్ ఫ్రెష్’ అన్నిటికంటే బలహీనమైనది. సరుకు ఏదో ఒక పొలం నుంచే కదా వస్తుంది! ఆ పొలంలో ఏ మందు కొట్టారు, ఏ ఎరువు వేశారు అన్నదాని గురించి ఈ మాట ఏమీ చెప్పదు. దీన్ని చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

‘న్యాచురల్’ దగ్గరే చాలామంది పొరబడతారు. అమెరికాలో ఆహారాన్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఈ మాటకు చట్టపరమైన నిర్వచనం ఇవ్వలేదు. కృత్రిమమైనది ఏదీ కలపకపోతే చాలన్నది దాని పాత వైఖరి. మాంసం మీద ‘న్యాచురల్’ అని ఉంటే కృత్రిమ పదార్థాలు కలపలేదని, పెద్దగా ప్రాసెస్ చేయలేదని మాత్రమే అర్థం. ఆ జంతువుకు ఏం మేపారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారా అన్నది అందులోకి రాదు. భారత్‌లో 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఈ మాటను ఇంకాస్త కట్టడి చేశాయి. కానీ అవి కూడా సరుకులో ఏం కలిపారు, ఎంత ప్రాసెస్ చేశారు అన్నదే చూస్తాయి. అంటే న్యాచురల్ అన్న మాట పంట ఇంటికొచ్చాక జరిగిన సంగతి చెబుతుంది. పొలంలో జరిగింది దానికి పట్టదు.

ఆర్గానిక్ కథ పొలంలోనే మొదలవుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం కోతకు ముందు 3 ఏళ్ల పాటు ఆ నేల మీద నిషిద్ధ మందులు, ఎరువులు పడకూడదు. యూరోపియన్ యూనియన్‌లోనూ భారత్‌లోనూ సీజన్ పంటలకైతే విత్తడానికి ముందు సాధారణంగా 2 ఏళ్లు, తోటలకైతే 3 ఏళ్లు. సర్టిఫికేషన్ సంస్థ మనిషి సాధారణంగా ఏడాదికోసారి వచ్చి పొలం చూస్తాడు, కొన్న బిల్లులు, అమ్మిన లెక్కలు సరిపోయాయా లేదా తిరగేస్తాడు. పది బస్తాలు పండే పొలం పేరుతో ఇరవై బస్తాలు అమ్మితే దొరికిపోయేది ఈ లెక్కల దగ్గరే.

2. ముద్ర, దాని పక్కన నంబరు వెతకండి

మాట ఒక్కటే ఉంటే సరిపోదు. యూరోపియన్ యూనియన్ ముద్ర ఆకుపచ్చ నేపథ్యంలో తెల్లని నక్షత్రాలతో గీసిన ఆకు. దానితో పాటు `DE-ÖKO-001` లాంటి కోడ్ ఉండాలి. మొదటి రెండు అక్షరాలు దేశం, చివరి అంకెలు తనిఖీ సంస్థ నంబరు. ఇక్కడొక మెలిక ఉంది. DE ఉంది కాబట్టి పంట జర్మనీలో పండిందని అనుకోకూడదు. చివరిగా ప్యాకింగ్ లాంటి పని చేసినవారిని తనిఖీ చేసే సంస్థ ఆ దేశానిదని మాత్రమే అర్థం. పంట యూనియన్ లోపలిదా, బయటిదా అన్నది వేరే వరుసలో రాస్తారు.

అమెరికాలో అక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ పేరుతో గుండ్రటి ముద్ర ఉంటుంది. ముద్ర వేసుకోవడం కంపెనీ ఇష్టం, కానీ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు మాత్రం లేబుల్ మీద ఉండి తీరాలి. భారత్‌లో జైవిక్ భారత్ లోగో, దాని వెనక బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే ఎన్‌పీఓపీ సర్టిఫికేషన్ గానీ, రైతుల బృందాలు ఒకరి పొలం ఒకరు చూసుకుని ఇచ్చుకునే పీజీఎస్ ఇండియా సర్టిఫికేషన్ గానీ ఉండాలి. పీజీఎస్‌లో ‘గ్రీన్’ అని ఉంటే ఆ పొలం ఇంకా ఆర్గానిక్‌లోకి మారే దశలోనే ఉందని అర్థం.

14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు చూపించి ‘ఇదిగో సర్టిఫికెట్’ అనేవాళ్లున్నారు. అది ఆహార వ్యాపారం చేయడానికి ఇచ్చే లైసెన్సు. మామూలు చిప్స్ ప్యాకెట్ మీదా ఉంటుంది.

3. ఎంత శాతం ఆర్గానికో తేల్చండి

ఒకే వస్తువున్న ప్యాకెట్‌కు ఈ తలనొప్పి లేదు. నాలుగైదు దినుసులు కలిసినప్పుడే లెక్క కావాలి. ఒక బిస్కెట్ల తయారీనే తీసుకుందాం. కిలో మిశ్రమంలో పిండి 500 గ్రాములు, చక్కెర 200, నూనె 150, నీళ్లు 90, పాలపొడి 50, ఉప్పు 10. నూనె తప్ప మిగతా దినుసులన్నీ ఆర్గానిక్ అనుకోండి. నీళ్లు, ఉప్పు లెక్కలోకి రావు కాబట్టి వాటిని తీసేస్తే మిగిలేది 900 గ్రాములు. అందులో ఆర్గానిక్ 750, అంటే సుమారు 83 శాతం.

అమెరికాలో కనీసం 95 శాతం ఉంటేనే ‘ఆర్గానిక్’ అని పేరు పెట్టి ముద్ర వేసుకోవచ్చు. 70 నుంచి 95 మధ్య ఉంటే ‘ఆర్గానిక్ పిండితో చేసినది’ అని రాసుకోవచ్చు గానీ ముద్ర వేయకూడదు. మన బిస్కెట్ అక్కడే ఆగిపోతుంది. 70 కూడా లేకపోతే ఆర్గానిక్ అన్న మాట దినుసుల జాబితాలోనే కనబడాలి. యూరప్‌లోనూ ముద్రకు గీత 95 దగ్గరే.

కొనేవాళ్లకు తయారీ కొలతలు తెలియవు, నిజమే. అయితే దినుసుల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. ఆర్గానిక్ అని గుర్తు లేని నూనె మూడో స్థానంలోనే కనబడుతూ, ప్యాకెట్ ముందు మాత్రం పెద్దక్షరాలతో ఆర్గానిక్ అని ఉంటే, ఆగి చూడాల్సిన ప్యాకెట్ అది.

4. నంబరును ఆన్‌లైన్‌లో సరిచూడండి

అమెరికా సర్టిఫికెట్లకు `Organic INTEGRITY Database`, యూరప్ వాటికి `TRACES` ఉన్నాయి. కంపెనీ పేరు కొట్టి వెతకవచ్చు. పేరు దొరకగానే సంతోషపడి మూసేయకండి, మూడు విషయాలు చూడండి. ప్యాకెట్ మీదున్న కంపెనీయేనా, సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందా, మీరు కొంటున్న సరుకు అందులో ఉందా? ఎక్కువగా బెడిసికొట్టేది మూడోదే. పప్పులకు సర్టిఫికెట్ తీసుకున్న సంస్థ తేనె కూడా అమ్ముతుంటే, సర్టిఫికెట్ నిజమైనదే అయినా తేనెకు అది వర్తించదు.

5. ముద్ర ఉన్నా ఇవి ఆశించకండి

ఈ సర్టిఫికేషన్ పండించిన పద్ధతికి ఇచ్చేది, ప్రతి ప్యాకెట్‌నూ ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చేది కాదు. ఆర్గానిక్ సాగులో మందులే వాడరన్నదీ అపోహే. గంధకం, కొన్ని రాగి మందులు, వేప ఉత్పత్తులు షరతులతో వాడతారు. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి వచ్చి పడవచ్చు కూడా. అందుకే అమెరికాలో నిషిద్ధ మందు అవశేషం మామూలు పంటకు అనుమతించే పరిమితిలో 5 శాతం దాటితే ఆ సరుకును ఆర్గానిక్‌గా అమ్మనివ్వరు.

ముద్ర లేనంత మాత్రాన అబద్ధం అనడానికీ లేదు. అమెరికాలో ఏడాదికి 5,000 డాలర్ల లోపు ఆర్గానిక్ సరుకు అమ్మే రైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, నియమాలు మాత్రం పాటించాలి. భారత్‌లోనూ నేరుగా వినియోగదారుడికి అమ్మే చిన్న రైతులకు మినహాయింపు ఉంది, కాకపోతే జైవిక్ భారత్ లోగో వాడకూడదు. అలాంటివారి దగ్గర విడిగా కొంటున్నప్పుడు ‘ఆర్గానికేనా’ అని అడిగితే అవుననే అంటారు. పురుగు పడితే ఏం కొడతారు, ఎరువు ఎక్కడినుంచి తెస్తారు, ఈ నేల మీద చివరిసారి రసాయనం ఎప్పుడు వేశారు అని అడగండి. పండించినవారైతే మందు పేరుతో సహా చెబుతారు. మధ్యలో కొని అమ్మేవారైతే ఆ మినహాయింపు మాట అటుంచి, సర్టిఫికెట్ చూపించమనండి.