సంతకానికి ముందు ఆ ఒక్క క్లాజు: నష్టపరిహారం పరిమితి దగ్గర జాగ్రత్తలు

ధర, గడువు, పని వివరాలు తేలేసరికి అందరి ఓపికా అయిపోతుంది. సరిగ్గా అప్పుడే, కాంట్రాక్టు చివర్లో ‘లిమిటేషన్ ఆఫ్ లయబిలిటీ’ అనే క్లాజు ఎదురవుతుంది. అవతలివాళ్ల తప్పు వల్ల మీకు ఎంత నష్టం జరిగినా, వాళ్లు ఇంతకు మించి కట్టనక్కర్లేదని చెప్పేది అదే. ఆ ‘ఇంత’ ఎంతో అంకెలు వేసి చూడకుండా సంతకం పెట్టకండి.

ఉదాహరణకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సేవ తీసుకున్నారు. ఏడాది ఫీజు 1,20,000, నెలకు 10,000 చొప్పున కట్టాలి. పరిమితి ‘ఘటనకు ముందు 12 నెలల్లో చెల్లించిన ఫీజు’ అని రాసుంది. చదవగానే ఏడాది ఫీజంతా వస్తుందిలే అనిపిస్తుంది. మూడో నెలలో వాళ్ల పొరపాటుతో ఆర్డర్ల డేటా పోయింది. తిరిగి ఎక్కించడానికి 3,00,000 ఖర్చయింది, ఆగిపోయిన అమ్మకాల మీద లాభం 5,00,000 పోయింది. అప్పటికి మీరు కట్టింది రెండు నెలల ఫీజే, కాబట్టి పరిమితి 20,000.

పైగా ఇక్కడ కోత రెండుసార్లు పడుతుంది. పరిమితికి ముందు వాక్యంలో ‘పరోక్ష నష్టానికి, పోయిన లాభానికి, డేటా నష్టానికి బాధ్యత లేదు’ అని ఉంటే లాభం 5,00,000 లెక్కలోకే రాదు. డేటా ఖర్చు కూడా రాదని వాళ్లు వాదిస్తారు, ఆ వాదన నెగ్గితే 20,000 కూడా చేతికి రాదు. చాలామంది పరిమితి అంకె కోసం గంటలు బేరమాడి ఈ వాక్యాన్ని వదిలేస్తారు, నా దృష్టిలో అదే పెద్ద పొరపాటు.

అందుకే రెండు మార్పులు అడగండి. ‘చెల్లించిన’ అన్నచోట ‘చెల్లించిన లేదా ఆ ఏడాదికి చెల్లించవలసిన ఫీజు, ఏది ఎక్కువైతే అది’ అని రాయించండి. డేటా తిరిగి ఎక్కించే ఖర్చును ప్రత్యక్ష నష్టంగా పేరు పెట్టి చేర్పించి, పై వాక్యంలోంచి ‘డేటా నష్టం’ తీయించండి. పరిమితి ఒక్కో ఘటనకా, కాంట్రాక్టు మొత్తానికి ఒకటేనా అన్నదీ చూసుకోండి. ఒకటే అయితే, మొదటి ప్రమాదానికే అయిపోవచ్చు.

ఇంత చిన్న అంకెను కోర్టు ఒప్పుకుంటుందా? సమాన బలమున్న రెండు వ్యాపార సంస్థలు తెలిసి రాసుకున్నదైతే చాలాచోట్ల ఒప్పుకుంటుంది. నిలవని సందర్భాలూ ఉన్నాయి. మోసం చేసినవాడిని ఈ క్లాజు సాధారణంగా కాపాడదు. కావాలని చేసిన హానికి బాధ్యతను ముందుగానే మాఫీ చేయడాన్ని జర్మనీ సివిల్ కోడ్ 276వ సెక్షన్ ఒప్పుకోదు. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి, శరీర గాయానికి బాధ్యత తగ్గించుకోవడం 1977 నాటి బ్రిటన్ చట్టం ప్రకారం చెల్లదు. అదే చట్టం ఒక పక్షం తన సొంత ప్రామాణిక షరతుల మీద చేసే కాంట్రాక్టుల్లో క్లాజు సమంజసంగా ఉండాలంటుంది.

ఆ సమంజసం అన్న మాటను 1983లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న ప్రభువుల సభ తేల్చిన జార్జ్ మిచెల్ కేసులో దగ్గరగా చూడొచ్చు. ఒక రైతు సంస్థ సుమారు 200 పౌండ్లకు క్యాబేజీ విత్తనాలు కొని 63 ఎకరాల్లో వేసింది. వచ్చినవి వేరే రకం, నాసిరకం. గడ్డ కట్టకపోవడంతో పంటంతా దున్నేయాల్సి వచ్చింది, నష్టం 61,000 పౌండ్లు దాటింది. విత్తనాల ధర వాపసు లేదా వేరే విత్తనాలు, అంతకు మించి ఏమీ ఇవ్వబోమని అమ్మకందారు క్లాజు. క్లాజు భాష స్పష్టంగానే ఉందని జడ్జీలు ఒప్పుకున్నారు. అయినా అది సమంజసం కాదని కొట్టేశారు. కారణాల్లో ఒకటి, గతంలో న్యాయమైన ఫిర్యాదు అనిపించినప్పుడు అమ్మకందార్లు తమ పరిమితిని పక్కనపెట్టి రాజీ చేసుకునేవారు, అంటే వాళ్లకే ఆ క్లాజు న్యాయంగా తోచలేదు. తప్పు అమ్మకందారు వైపు నిర్లక్ష్యం వల్ల జరిగిందన్నది రెండోది. ధర పెద్దగా పెంచకుండానే ఇలాంటి నష్టానికి వాళ్లు బీమా తీసుకోగలిగేవారన్నది మూడోది.

ఇది కోర్టు ఏదో చూసుకుంటుందన్న ధైర్యానికి చాలదు. మీరు లాయరును పెట్టుకుని, తక్కువ ఫీజుకు బదులుగా తక్కువ పరిమితికి ఒప్పుకుని ఉంటే, ఆ బేరం నడిచిన మెయిళ్లే రేపు మీకు ఎదురు తిరుగుతాయి. వాళ్లు ‘మా ఫారం మార్చం’ అన్నారా, ఆ జవాబు దాచుకోండి, అది మీ వైపు సాక్ష్యం. ఇంకా సంతకానికి ముందే పనిలో తప్పు జరిగితే పరిహారం కట్టే వాళ్ల వృత్తి బాధ్యత బీమా ఎంతకుందో రాతపూర్వకంగా అడగండి. బీమా 50,00,000కు ఉండి పరిమితి 20,000 అయితే, పరిమితిని ఆ బీమాకు దగ్గరగా పెంచమనడానికి మీ దగ్గర గట్టి కారణం ఉన్నట్టే.