ప్రపోజల్‌లో అవసరం రివ్యూయర్‌కి అందకపోతే: సమస్య - పరిష్కారం

లక్షణం: "ప్రాజెక్టు మంచిదే, కానీ అవసరం స్పష్టంగా లేదు" అనే వ్యాఖ్యతో గ్రాంట్ ప్రపోజల్ తిరిగొస్తుంది. పంపే ముందే దీన్ని కనిపెట్టవచ్చు. మీ పనితో సంబంధం లేని ఒకరికి మొదటి పేరా మాత్రం ఇచ్చి, చదివాక కాగితం తీసేసుకోండి. ఎవరు ఇబ్బంది పడుతున్నారు, వాళ్లకు ఏం జరుగుతోంది అని అడగండి. సమాధానంగా మీ సంస్థ ఏం కొనాలనుకుంటోందో చెబితే, లోపం ఆ పేరాలోనే ఉంది.

కారణం: చాలాసార్లు పరిష్కారం లేకపోవడాన్నే మనం సమస్యగా రాసేస్తాం. డయాలసిస్ రోగుల కోసం వ్యాన్ అడుగుతున్న సంస్థ ఇలా రాసిందనుకుందాం: "కిడ్నీ జబ్బులు ప్రపంచమంతటా పెరుగుతున్నాయి. మా దగ్గర వాహనం లేదు. కాబట్టి వ్యాన్ అత్యవసరం." మొదటి వాక్యం ఎవరి ప్రపోజల్‌లోనైనా సరిపోతుంది. మిగతా రెండూ సంస్థ అవసరాన్ని చెబుతాయి. రోగి ఎక్కడా లేడు.

పరిష్కారం: ముందు "వ్యాన్" అనే మాటను పూర్తిగా కొట్టేయండి. అది లేకుండా పేరా నిలబడాలి. తర్వాత ఎవరికి, ఎంతమందికి, ఏం, ఎందుకు జరుగుతోందో అదే వరసలో రాయండి. కింది అంకెలు నమూనా కోసమే:

"మా కేంద్రంలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే 60 మందిలో 18 మంది గత మూడు నెలల్లో కనీసం ఒక సెషన్ మానేశారు. సెషన్ తప్పితే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. కారణం అడిగితే 13 మంది రావడానికి వాహనం దొరకలేదన్నారు. (హాజరు రిజిస్టర్, రోగుల ఇంటర్వ్యూలు)"

18 పక్కన 60 లేకపోతే అది పెద్ద సంఖ్యో చిన్నదో రివ్యూయర్‌కి తెలియదు. ఏ కాలానిది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి కూడా అంకె పక్కనే ఉండాలి. దేశం మొత్తం లెక్క ఉంటే, మీ పరిస్థితిని పోల్చడానికి ఒక్క వాక్యంలో వాడండి, దానితో మొదలుపెట్టకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ 13. సమస్యకూ మీరు అడిగే డబ్బుకూ మధ్య వంతెన అదే. ఎక్కువమంది నీరసం వల్లో ఖర్చు వల్లో మానేస్తున్నారని తేలితే, వ్యాన్ ఆ సమస్యను తీర్చదు. అప్పుడు మార్చాల్సింది వాక్యాలను కాదు, ప్రాజెక్టునే. కారణాలు అడిగి తెలుసుకునే పని రాయడానికి ముందే చేస్తే ఎంతో శ్రమ తప్పుతుంది.

మిగతా అయిదుగురిని కూడా మీ లెక్కలో కలిపేసుకోవాలనిపిస్తుంది. కలపొద్దు. వాళ్ల కారణాలు వేరని, ఈ ప్రాజెక్టు వాటిని తాకదని ఒక వాక్యంలో రాసేయండి. అనుభవమున్న రివ్యూయర్ ఎలాగూ ఆ తేడా లెక్కేస్తారు, మీరే ముందు చెబితే మిగతా అంకెలనూ నమ్ముతారు.

సరిచూసుకోండి: కొత్త పేరాను ఇంతవరకు చదవని మరొకరికి ఇచ్చి అవే ప్రశ్నలు అడగండి. "డయాలసిస్ రోగులు రాలేక సెషన్లు మానేస్తున్నారు" అనే జవాబు వస్తే, వ్యాన్ సంగతి ప్రాజెక్టు వివరణలో మొదలుపెట్టవచ్చు.