పెట్టె నలిగి వచ్చినప్పుడు: సంతకానికి ముందు రాయవలసిన మాట

డెలివరీ స్లిప్పు అడుగున, సంతకం పెట్టే గీతకు కొంచెం పైన, "సరుకు మంచి స్థితిలో అందినది" అనే అర్థం వచ్చే వాక్యం చాలా సంస్థల కాగితాల మీద ముందే అచ్చయి ఉంటుంది. ఏమీ రాయకుండా దాని కింద సంతకం చేస్తే ఆ వాక్యాన్ని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. తరువాత లోపలి వస్తువు పగిలిందని చెప్పినా, మీ దగ్గరికి వచ్చాకే పగిలిందేమో అన్న జవాబు వస్తుంది. పెట్టె చేతులు మారే ఆ రెండు నిమిషాల్లో దాని స్థితిని కాగితం మీదికి ఎక్కించడమే ఇక్కడ అసలు పని.

తెనాలిలోని మా వంటసామాను దుకాణానికి హైదరాబాదు నుంచి లారీ ట్రాన్స్‌పోర్టులో 3 పెట్టెలు వచ్చిన ఒక సందర్భాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఒక్కో పెట్టెలో 4 మిక్సీలు ఉన్నాయి. రెండో పెట్టె కింది మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది.

సమస్య: మూల లోపలికి నొక్కుకుపోయింది, లేదా పక్క గోడ ఉబ్బింది

ఈ రెండూ చూపుకు ఒకేలా "నలిగినట్టు" కనిపించినా కారణాలు వేరు. మూడు అంచులు కలిసే మూల ఒక్కటే చదునైపోయి, మిగతా పెట్టె గట్టిగా ఉంటే, పెట్టె పైనుంచి ఆ మూల మీద పడిందని అర్థం. ఆ దెబ్బ థర్మోకోల్ గుండా నేరుగా వస్తువుకు తగులుతుంది కాబట్టి లోపల పగులు ఉండే అవకాశం ఎక్కువ. అలా కాక, గోడల మీద అడ్డంగా ముడతలు పడి మధ్య భాగం బయటికి ఉబ్బితే, దాని మీద బరువైన పెట్టెలు చాలాసేపు పేర్చి ఉంచారన్నమాట. అలాంటప్పుడు లోపల ఖాళీ జాగా ఉంటే వస్తువు క్షేమంగానే ఉండవచ్చు. అడుగు భాగం మెత్తబడి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే తడి తగిలింది. తడిసిన అట్ట బరువు మోయలేదు, ఎత్తగానే అడుగు ఊడిపోతుంది.

మా రెండో పెట్టెది మొదటి రకం. ఈ తేడా గుర్తించడం వల్ల రిమార్కులో ఏం రాయాలో, ఏ పెట్టెను ముందు తెరవాలో తేలిపోయింది.

ఇక పరిష్కారం. రిమార్కులో కంటికి కనిపించినదే రాయాలి, ఊహించినది రాయకూడదు. పెట్టె తెరవకుండా "మిక్సీ పగిలింది" అని రాస్తే, తెరిచాక అది బాగుంటే మన మాటే చెల్లదు. ఇక "చూసిన తరువాత చెబుతాం" అన్న అర్థంలో చాలామంది రాసే మాట ఏ పెట్టెకూ ఏ దెబ్బకూ అతకదు కాబట్టి, క్లెయిము సెక్షన్ వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవడం కష్టం. ఎన్ని పెట్టెలు అందాయో, వాటిలో ఏది, ఏ వైపు, ఎంత మేర నలిగిందో, టేపు ఎలా ఉందో, లోపల చూశామో లేదో, ఎన్ని గంటలైందో రాయాలి. ఆ రోజు మేము రాసినది ఇది:

"మొత్తం 3 పెట్టెలు అందినవి. 2వ పెట్టె కింది కుడి మూల సుమారు 15 సెం.మీ. మేర నలిగినది. అడుగు టేపు చిరిగినది. లోపలి సరుకు ఇంకా చూడలేదు. ఉదయం 11.20."

దాని కింద నా సంతకం, పక్కన సరుకు తెచ్చిన అతని సంతకం. ఈ మాటలు మన దగ్గర ఉండే లారీ రసీదు ప్రతి మీద, అతను తీసుకువెళ్లే ప్రతి మీద రెండింటా ఉండాలి. ఒక్క దాని మీదే ఉంటే, రెండో ప్రతి మచ్చలేని డెలివరీ రుజువుగా వాళ్ల ఆఫీసుకు చేరుతుంది. తెలుగులో రాసినా అది రిమార్కే, కానీ క్లెయిము చూసేవారు వేరే రాష్ట్రంలో ఉంటారనుకుంటే కింద ఇంగ్లీషులోనూ ఒక ముక్క రాయడం మంచిది. రాయడం అయ్యాక ఆ స్లిప్పుకే ఒక ఫొటో తీసుకోవాలి.

సమస్య: టేపు మీద మరో టేపు వేసి ఉంది

అసలు ప్యాకింగు టేపు మీద వేరే రంగు టేపో, రవాణా సంస్థ పేరున్న టేపో అడ్డంగా వేసి ఉంటే, దారిలో పెట్టె చిరిగిందని, ఎవరో మళ్లీ కట్టారని అర్థం. చిరిగిన పెట్టెను జాగ్రత్తగా అతికించి ఉండవచ్చు, మధ్యలో ఏదైనా వస్తువు జారిపోయి ఉండవచ్చు. చూపుతో తేల్చలేము కాబట్టి తూకం వేయాలి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. రసీదు మీద రెండు బరువులు ఉంటాయి: అసలు బరువు, ఛార్జీ వేసిన బరువు. పెద్దగా ఉండి తేలికగా ఉండే పెట్టెకు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి ఒక స్థిర సంఖ్యతో, కొరియర్లలో ఎక్కువగా 5000తో, భాగించి ఆ లెక్క బరువుకు ఛార్జీ వేస్తారు. మన తూకాన్ని ఆ రెండో అంకెతో పోల్చితే సరుకు పోయిందని అనవసరంగా కంగారుపడతాం. మా రసీదులో 3 పెట్టెలకు అసలు బరువు 66 కిలోలు, ఛార్జీ బరువు 90 కిలోలు. అంటే ఒక్కో పెట్టె సుమారు 22 కిలోలు ఉండాలి. రెండో పెట్టె కాటా మీద 21.8 చూపింది కాబట్టి ఏదీ పోలేదని తేలింది. కిలోల్లో తేడా వచ్చి ఉంటే ఆ తూకాన్ని కూడా రిమార్కులో చేర్చేవాణ్ణి.

సమస్య: సరుకు తెచ్చినతను "రిమార్కు రాయకండి" అంటున్నాడు

రిమార్కు పడితే ఆఫీసులో తననే అడుగుతారని, జీతంలో కోత పడుతుందని అతని భయం. అది అబద్ధమని కొట్టిపారేయలేం. ఆ పెట్టె అంతకు ముందే నాలుగు చేతులు మారి, రెండు గోదాముల్లో దొర్లి వచ్చి ఉంటుంది. "బాబూ, నువ్వు పాడుచేశావని రాయడం లేదు, నా దగ్గరికి వచ్చేసరికి పెట్టె ఇలా ఉందని మాత్రమే రాస్తున్నాను" అని, రాసినది చదివి వినిపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండా, అతని ముందే వాళ్ల బ్రాంచి ఆఫీసుకు ఫోను చేయాలి. అక్కడా తేలకపోతే రెండు దారులున్నాయి. ఆన్‌లైనులో కొన్న వస్తువైతే వెనక్కి పంపడమే తేలిక. ముఖ్యంగా పెట్టె తడిసినా, లోపలి వస్తువు కనిపించేంతగా చిరిగినా తీసుకోకూడదు. వ్యాపారపు సరుకు అలా కాదు. దించుకోకపోతే అది ట్రాన్స్‌పోర్టు గోదాములో ఉండిపోయి రోజుకింత అని డెమరేజి పెరగవచ్చు. అందుకని నలిగిన పెట్టెను మాత్రం ఆపి, మిగతావి తీసుకుని "2 అందినవి, 1 తిరస్కరించినది" అని రాయవచ్చు. ఏదో తప్పనిసరై అన్నీ తీసుకుంటే, అదే గంటలో బ్రాంచికి ఫొటోలతో ఈమెయిలు పంపాలి.

సమస్య: కాగితమే లేదు, ఓటీపీ అడుగుతున్నాడు

కారణం తెలిసిందే: యాప్ డెలివరీలో మన వైపు రిమార్కు రాసే గడి సాధారణంగా ఉండదు. ఓటీపీ చెప్పగానే సరుకు అందినట్టు నమోదైపోతుంది. కాబట్టి ఓటీపీ చెప్పకముందే, చిరునామా లేబులు, నలిగిన మూల రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయాలి. మూల ఒక్కటే తీస్తే అది ఏ పెట్టె మూలో ఎవరికి తెలుసు? ఆ ఆర్డరుకు తెరిచి చూపించే డెలివరీ సదుపాయం ఉంటే, తెరిచి చూశాకే ఓటీపీ చెప్పాలి. ఫోను తెర మీద వేలితో సంతకం అడిగితే, సంతకం పక్కనే "బాక్స్ నలిగింది" అని గీకవచ్చు. తెర మీద గీసినది బొమ్మగా నిలుస్తుంది, అక్షరాలు వంకర పోయినా నష్టం లేదు.

ఆ వెంటనే యాప్‌లో ఆ ఆర్డరు సహాయ విభాగంలోకి వెళ్లి, "పాడైన వస్తువు" అన్న దాని కింద ఫొటోలు ఎక్కించి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. "డెలివరీ అయినది" అన్న సందేశానికీ మన ఫిర్యాదుకూ మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే మన మాటకు అంత బలం. సాయంత్రం తీరిగ్గా చూద్దామని వదిలేయడం వల్లే ఎక్కువ కేసులు చెడతాయి.

సమస్య: సంతకం అయిపోయింది, తెరిచాక పగులు కనిపించింది

రిమార్కు రాసినా రాయకపోయినా పెట్టె తెరిచే పద్ధతి ఒక్కటే. లేబులు కనిపించే దగ్గర వీడియో మొదలుపెట్టి, టేపు కోయడం నుంచి వస్తువు బయటికి తీసేదాకా మధ్యలో ఆపకుండా తీయాలి. మా రెండో పెట్టెలో నలిగిన మూల దగ్గరున్న థర్మోకోల్ ఐమూలగా రెండు ముక్కలైంది. దాని వెనకే ఉన్న మిక్సీ అడుగు కాలు విరిగి, జార్ మూత బీటువారింది. మిగతా 3 మిక్సీలు బాగున్నాయి. బయటి దెబ్బ, థర్మోకోల్ పగులు, మిక్సీ కాలు మూడూ ఒకే వరసలో ఉండటమే, పగులు దారిలో పడిందనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అందుకే అట్టపెట్టెను, థర్మోకోల్‌ను క్లెయిము తేలేదాకా పారేయకూడదు. దుకాణాల్లో జరిగే పొరపాటు ఇదే: కుర్రాళ్లు సాయంత్రానికి అట్టలన్నీ పాత సామాన్ల వాడికి వేసేస్తారు.

శుభ్రమైన సంతకం పడిపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. సరుకుకు రవాణా బీమా ఉంటే, బయటికి కనిపించని నష్టాన్ని డెలివరీ అయిన 3 రోజుల్లోగా రవాణాదారుకు రాతపూర్వకంగా తెలపాలని పాలసీ కాగితాల్లో సాధారణంగా ఉంటుంది. నష్టం అనుమానం ఉన్న సరుకుకు అభ్యంతరం రాయకుండా శుభ్రమైన రసీదు ఇవ్వవద్దన్న సూచన కూడా అక్కడే కనిపిస్తుంది. లారీ ట్రాన్స్‌పోర్టు విషయంలో 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షన్ ప్రకారం, దావా వేయాలంటే అంతకు ముందే, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా, లిఖితపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. లెక్క మొదలయ్యేది బుకింగు తేదీ నుంచి, మనకు అందిన తేదీ నుంచి కాదు. నోటీసులో రసీదు నంబరు, బుకింగు తేదీ, పెట్టెల సంఖ్య, నష్టం వివరం, దాని విలువ ఉంటే చాలు. సరుకు విలువను బుకింగులో ఎక్కువగా ప్రకటించకపోతే, రవాణాదారు బాధ్యత మామూలుగా కట్టిన కిరాయికి 10 రెట్లకు మించదని కూడా గుర్తుంచుకోవాలి.

ఆ రోజు మధ్యాహ్నమే రిమార్కు ఉన్న రసీదు ప్రతి, ఫొటోలు పట్టుకుని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి డ్యామేజి సర్టిఫికెట్ అడిగాను. మేనేజరు తమ ప్రతిని వెతికి తీసి, దాని మీద అవే మాటలు, అదే 11.20 ఉండటం చూసి, ఇంకేమీ అడగకుండా రాసిచ్చాడు. దాని నకలు పంపితే, హైదరాబాదులోని హోల్‌సేలు వ్యాపారి తరువాతి లోడులో ఒక మిక్సీ, ఒక జార్ మూత వేసి పంపించాడు.