లైన్ ట్రాన్సెక్ట్ లెక్కలో సాంద్రత మరీ ఎక్కువ వస్తే

సమస్య: ఉద్దానం జీడితోటల్లో గీతల వెంట నడిచి నెమలి గుంపులను లెక్కపెట్టారు. చదరపు కిలోమీటరుకు వచ్చిన సంఖ్య చూస్తే తోట కాపలా ఉండేవాళ్లే నమ్మడం లేదు.

ముందు L, అంటే నడిచిన మొత్తం పొడవు, చూడండి. కిలోమీటరు పొడవున్న 9 గీతలను నాలుగేసి సార్లు నడిస్తే L 36 కిలోమీటర్లు, 9 కాదు. ఇది చూడకుండానే చాలామంది మోడళ్లు మార్చుకుంటూ కూర్చుంటారు. L సరిగానే ఉంటే, ఏ మోడలూ వేయకముందే R లో లంబదూరాల బొమ్మ గీయండి, అంటే ఒక్కో గుంపు గీత నుంచి ఎంత పక్కకు ఉందో చూపేది.

```
hist(d$distance, breaks=20)
```

కారణం: సున్నా దగ్గరి కడ్డీ ఒక్కటే నిటారుగా లేచి, పక్కది సగానికి పడిపోయిందంటే, నెమలి గీతకు ఎంత కోణంలో కనబడిందో రాసిన పుస్తకం తెరవండి. 0, 5, 10 తప్ప 3, 7 లాంటివి కనిపించకపోతే దొంగ దొరికినట్టే. నడిచేవాళ్ల చూపు ఎప్పుడూ ముందుకే ఉంటుంది. 60 మీటర్ల దూరంలో 6 డిగ్రీల పక్కకు నెమలి కనబడితే "ఎదురుగానే ఉంది" అని 0 రాసేస్తారు. నిజానికి లంబదూరం 60 × sin 6°, అంటే 6.3 మీటర్లు. పుస్తకంలో మాత్రం అది గీత మీదే నిలబడింది.

ఇలాంటివి పోగైతే, గీత నుంచి కాస్త జరగగానే జంతువులు కనబడడం మానేస్తున్నాయని మోడల్ అనుకుంటుంది. చూపు ఆనే పట్టీ సగం వెడల్పు μ కుంచించుకుపోతుంది. 72 గుంపులు, 36 కిలోమీటర్లు అనుకోండి. సాంద్రత D = n/(2Lμ), n అంటే కనబడ్డ గుంపుల సంఖ్య. μ 30 మీటర్లయితే చదరపు కిలోమీటరుకు 33 గుంపులు. అదే 20కి పడితే 50. ఒక్క నెమలీ పెరగలేదు.

పరిష్కారం: కోణాన్ని కంటితో అంచనా వేయనివ్వకండి. గీత దిక్కు, నెమలి దిక్కు రెండూ దిక్సూచితో చదివి రాయాలి, తీసివేత ఇంటికొచ్చాక చేసుకోవచ్చు. గుంపైతే దాని మధ్యకు గురిపెట్టాలి. ఇప్పటికే రాసేసిన డేటాకైతే మొదటి తరగతిని వెడల్పు చేయండి, 0 రాసినా 6.3 రాసినా రెండూ అందులోనే పడతాయి.

```
library(Distance)
ds(d, key="hn", truncation=80,
   cutpoints=c(0,10,20,35,50,80))
```

ఇక్కడ hn అంటే హాఫ్-నార్మల్ మోడల్. హజార్డ్-రేట్ మోడల్ వద్దు, అది సున్నా దగ్గరి ఆ శిఖరాన్నే వెంటాడుతుంది. తరగతులు మార్చినకొద్దీ D ఊగుతూనే ఉంటే మాత్రం ఆ కోణాలను కాపాడలేం, మళ్లీ నడవాల్సిందే.

కోణాలు శుభ్రంగా ఉన్నా శిఖరం పోలేదంటే మీరు తోట బాట వెంట నడిచి ఉంటారు, నెమళ్లు అక్కడ మేతకు దిగుతాయి. బాటకు అడ్డంగా గీతలు వేయండి. మొదటి కడ్డీ పొట్టిగా ఉంటే అది వేరే జబ్బు: ఎండు జీడాకుల చప్పుడుకి అవి ముందే పక్కకు తప్పుకున్నాయి, అప్పుడు సాంద్రత తగ్గి వస్తుంది. మంచుకి ఆకు మెత్తబడిన పొద్దుట నడిచి, కదలకముందు ఉన్న చోటుకే దూరం కొలవండి. ఒకే గుంపు రెండుసార్లు లెక్కలోకి రావడం లాంటివి ఇంత తేడా తేవు, వాటి జోలికి చివరన వెళ్లండి.