కాలేజీ మెయిల్ మూతపడేలోపు: పాత అడ్రసు మెయిళ్లను కొత్తదానికి మళ్లించుకునే దరఖాస్తు విధానం

ఇల్లు మారినప్పుడు పోస్ట్‌మాన్‌కు ఒక మాట చెప్పి ఉత్తరాలు కొత్త ఇంటికి తెప్పించుకోవచ్చు. ఈమెయిల్ ఫార్వర్డింగ్ అలా ఉండదు. ఇక్కడ ఉత్తరం ముందు పాత ఇంటికే చేరాలి, అక్కడున్న మనిషి దాన్ని తీసి మీకు పంపాలి. ఆ ఇల్లే లేకపోతే ఉత్తరం పంపినవాళ్లకే తిరిగి వెళ్తుంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఖాతా విషయంలో చాలామంది దెబ్బతినేది ఈ ఒక్కచోటే. ఫార్వర్డింగ్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. కాలేజీ ఖాతాను ఆపేసిన రోజు నుంచి ఫార్వర్డింగ్ కూడా ఆగిపోతుంది, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

అందుకే ఇందులో పని రెండు భాగాలు. ఖాతా ఎప్పటివరకు ఉంటుందో కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకుని అనుమతి తీసుకోవడం మొదటిది. ఆ గడువులోపు మెయిళ్లు మళ్లించుకుంటూ, పంపేవాళ్లందరి దగ్గరా అడ్రసు మార్పించడం రెండోది. మన కాలేజీలు చాలావరకు గూగుల్ వర్క్‌స్పేస్ వాడతాయి, అంటే కాలేజీ పేరుతో ఉన్న జీమెయిలే. కాబట్టి వివరాలన్నీ దానికి సంబంధించినవే ఇస్తున్నాం.

దరఖాస్తు ఎవరికి, ఎప్పుడు

నో డ్యూస్ ఫారం మీద సంతకాలకు తిరిగే రోజుల్లోనే ఇది కూడా పెట్టేయండి. కంప్యూటర్ సెంటర్ లేదా ఐటీ సెల్ ఇన్‌ఛార్జ్ పేరిట రాయాలి. కాగితం ఇచ్చినా, అదే విషయాన్ని కాలేజీ మెయిల్ నుంచే మరోసారి పంపండి. ఆ ఖాతా మీ చేతిలో ఉందనడానికి అదే రుజువు. టీసీ చేతికొచ్చి హాస్టల్ ఖాళీ చేశాక ఫోన్లో అడిగితే, అడుగుతున్నది మీరేనని వాళ్లు నమ్మడానికి ఆధారం ఉండదు.

నమూనా ఇలా ఉండొచ్చు:

> కంప్యూటర్ సెంటర్ ఇన్‌ఛార్జ్ గారికి,
>
> విషయం: కాలేజీ మెయిల్ ఖాతా గడువు, ఫార్వర్డింగ్ అనుమతి గురించి.
>
> అయ్యా/అమ్మా, నేను బీటెక్ నాలుగో సంవత్సరం పూర్తి చేశాను. నా రోల్ నంబరు 21CS045. నా కాలేజీ మెయిల్ `21cs045@example.ac.in`. ఈ ఖాతాను ఏ తేదీన నిలిపివేస్తారో తెలియజేయగలరు. అప్పటివరకు దానికి వచ్చే మెయిళ్లను నా సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోవడానికి, పాత మెయిళ్లను కాపీ చేసుకోవడానికి అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఖాతా ముందే తీసివేయవలసి వస్తే, దానికి వచ్చే మెయిళ్లను అడ్మిన్ వైపు నుంచి మూడు నెలలపాటు నా కొత్త అడ్రసుకు మళ్లించగలరు.
>
> జత: గుర్తింపు కార్డు జిరాక్స్.

చివరి వాక్యాన్ని వదిలేయకండి. ఖాతా తీసేసినా, అడ్మిన్ తలుచుకుంటే ఆ అడ్రసుకు వచ్చే మెయిళ్లను వేరే అడ్రసుకు మళ్లించగలరు. అడ్మిన్ కన్సోల్‌లో `Recipient address map` అనే అమరిక ఉన్నది అందుకే. అన్ని కాలేజీలూ ఒప్పుకోవు. కానీ అలాంటి వీలుందని తెలిసి అడిగినవాళ్లకు కుదిరే అవకాశం ఉంటుంది.

అనుమతి అడగడం ఎందుకంటే, విద్యార్థులు తమంతట తాము ఫార్వర్డింగ్ పెట్టుకునే వీలును అడ్మిన్ ఆపేసి ఉండొచ్చు. అది తెలుసుకోవడం తేలిక. కింద చెప్పే పేజీలో `Add a forwarding address` అనే బటన్ అసలు కనబడకపోతే ఆపేశారని అర్థం. ఫోన్ మార్చినా, బ్రౌజర్ మార్చినా లాభం లేదు, దరఖాస్తే దారి.

ఫార్వర్డింగ్ పెట్టుకోవడం

ఇది ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ బ్రౌజర్‌లోనే చేయాలి. కాలేజీ ఖాతా తెరిచి, కుడివైపు పైన ఉన్న గేర్ గుర్తు నొక్కి `See all settings` లోకి వెళ్లండి. అక్కడ `Forwarding and POP/IMAP` ట్యాబ్‌లో `Add a forwarding address` నొక్కి కొత్త అడ్రసు టైప్ చేయండి. తర్వాత వరుసగా `Next`, `Proceed`, `OK`.

ఇప్పుడు కొత్త అడ్రసుకు `forwarding-noreply@google.com` నుంచి ఒక మెయిల్ వస్తుంది. రాకపోతే స్పామ్‌లో చూడండి, చాలాసార్లు అక్కడే పడి ఉంటుంది. అందులోని లింకు తెరిచి ఒప్పుకోవచ్చు, లేదా అందులోని కోడ్‌ను పాత ఖాతా సెట్టింగ్స్ పేజీలో వేయవచ్చు.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. లింకు నొక్కగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పటికి అడ్రసు సరైనదని తేలింది, అంతే. పాత ఖాతాలో అదే ట్యాబ్‌కు తిరిగి వచ్చి పేజీని రిఫ్రెష్ చేస్తే `Disable forwarding` దగ్గరే చుక్క ఉంటుంది. దాన్ని మార్చి `Forward a copy of incoming mail to` ఎంచుకోవాలి. పక్కన ఉన్న జాబితాలో `keep Gmail's copy in the Inbox` ఉంచండి, `Gmail` బదులు మీ కాలేజీ పేరుతో `Mail` అని కనబడవచ్చు. పేజీ అట్టడుగుకు వెళ్లి `Save Changes` నొక్కాలి. అన్నీ సరిగ్గా కుదిరితే, మొదటి వారం రోజులు మీ మెయిల్ ఫలానా అడ్రసుకు వెళ్తోందనే నోటీసు పాత ఇన్‌బాక్స్ పైన కనిపిస్తుంది. ఆ నోటీసు లేదంటే సేవ్ కాలేదేమో చూసుకోండి.

పాత కాపీని డిలీట్ చేసే ఎంపిక కూడా ఆ జాబితాలో ఉంటుంది. దాని జోలికి వెళ్లొద్దు. కొత్త ఖాతా ఏ కారణంతోనైనా ఒక మెయిల్‌ను తీసుకోకపోతే, పాతదాంట్లోని కాపీయే మీకు మిగిలే ఆధారం.

పరీక్షించే పద్ధతి

పనిచేస్తోందో లేదో చూడటానికి కొత్త అడ్రసు నుంచే పాతదానికి ఒక మెయిల్ పంపడం అందరూ చేసే పని. అది కొత్త ఇన్‌బాక్స్‌లోకి తిరిగి రాదు. ఫార్వర్డింగ్ పాడైందని మళ్లీ మొదటినుంచీ సెట్ చేస్తారు. కారణం వేరు. మీరు పంపిన మెయిల్ ఇప్పటికే ఆ ఖాతాలోని `Sent` లో ఉంది. అదే మెయిల్ చుట్టు తిరిగి వచ్చినప్పుడు జీమెయిల్ దాన్ని రెండోసారి చూపదు. కాబట్టి ఇంట్లోవాళ్ల మెయిల్ నుంచో, స్నేహితుడి మెయిల్ నుంచో పంపించి చూడండి.

ఫార్వర్డింగ్ దాటించనివి రెండు రకాలు ఉన్నాయి. మీరు సెట్ చేయకముందు వచ్చిన మెయిళ్లు ఒకటి, స్పామ్‌లో పడ్డవి రెండోది. ఉద్యోగ పరీక్షల మెయిళ్లు, కొత్త కంపెనీల ఇంటర్వ్యూ పిలుపులు కొన్నిసార్లు స్పామ్‌లోకి పోతాయి. అందుకని ఖాతా ఉన్నన్నాళ్లూ వారానికి ఒకసారి పాత స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడటం తప్పదు. స్పామ్‌లోవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి కాబట్టి నెలకోసారి చూస్తే చాలదు.

నిల్వ సంగతి కూడా చూసుకోండి. ఉచిత జీమెయిల్ ఖాతాకు ఉండేది 15 జీబీ. అందులో ఫోటోలు, డ్రైవ్ కూడా కలిసే ఉంటాయి. అది నిండితే కొత్త ఖాతా మెయిళ్లు తీసుకోవడం మానేస్తుంది, ఫార్వర్డ్ అయినవి కూడా.

పాత మెయిళ్లు కావాలంటే కాలేజీ ఖాతాతో లాగిన్ అయి `takeout.google.com/transfer` తెరవండి. విద్యాసంస్థల ఖాతాల నుంచి సొంత గూగుల్ ఖాతాకు మెయిళ్లను, డ్రైవ్ ఫైళ్లను కాపీ చేయడానికి ఉన్న పేజీ ఇది. కొన్ని గంటల్లో అయిపోవచ్చు, ఒక్కోసారి వారం దాకా పడుతుంది. చివరి రోజు మొదలుపెట్టే పని కాదు. పేజీ తెరుచుకోకపోతే అదీ అడ్మిన్ ఆపినదే.

గడువులోపు చేయవలసిన అసలు పని

ఒక లెక్క చూద్దాం. జూన్ 10న దరఖాస్తు పెట్టారు, ఖాతా ఆగస్టు 31 వరకు ఉంటుందని జవాబొచ్చింది. జూలైలో వేరే కాలేజీలో ఎంటెక్‌లో చేరారు. అంటే చేతిలో 80 రోజులకు పైనే ఉన్నాయి.

ఫార్వర్డింగ్ పెట్టిన రోజే కొత్త ఖాతాలో ఒక ఫిల్టర్ పెట్టండి. ఫార్వర్డ్ అయిన మెయిల్‌లో గ్రహీతగా మీ పాత అడ్రసే ఉంటుంది, దాన్నే పట్టుకోవాలి. ఫిల్టర్‌లోని `To` గడిలో `21cs045@example.ac.in` అని రాసి, `Apply the label` దగ్గర «పాత కాలేజీ» అనే లేబుల్ ఇవ్వండి. క్లాసు గ్రూపులకు పంపినవి దీనికి చిక్కకపోవచ్చు, వాటితో మనకు పనీ లేదు. విడిగా మీ పేరున వచ్చేవే ముఖ్యం.

ఇక ఆ లేబులే మీ పనుల జాబితా. అందులో బ్యాంకు నుంచి మెయిల్ కనబడితే ఆ రోజే బ్యాంకులో అడ్రసు మార్చండి. గేట్ దరఖాస్తు, ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్ ఇలా ఒక్కొక్కటీ బయటపడుతుంది. వీటిలో ఏ ఖాతాలోకి పాత మెయిల్‌తో లాగిన్ అవుతారో దాన్ని ముందు మార్చాలి. అడ్రసు మార్చేటప్పుడు కొన్ని సైట్లు కోడ్‌ను పాత అడ్రసుకే పంపుతాయి, ఆగస్టు 31 దాటాక ఆ కోడ్ మీకు అందదు. «గూగుల్‌తో సైన్ ఇన్» నొక్కి కాలేజీ ఖాతాతో తెరిచిన సైట్లు మరీ జాగ్రత్త. వాటికి ఫార్వర్డింగ్ ఏమాత్రం పనికిరాదు, ఎందుకంటే అక్కడ కావలసింది మెయిల్ కాదు, ఆ ఖాతాయే. లోపలికి వెళ్లి వేరే మెయిల్, పాస్‌వర్డ్ జతచేసుకోవాలి.

ఆగస్టు మధ్యకు వచ్చేసరికి ఆ లేబుల్‌లోకి కొత్తవి రావడం దాదాపు ఆగిపోవాలి. ఇంకా వస్తుంటే ఎవరు పంపుతున్నారో చూసి వాటి పని పట్టండి.

పొరపాటున అంతా మిగిలిపోయి ఖాతా మూతపడితే, వెంటనే ఐటీ సెల్‌ను అడగండి. ఆపిన ఖాతాలోని సమాచారం చెరిగిపోదు, అడ్మిన్ మళ్లీ తెరవగలరు. పూర్తిగా తొలగించినా 20 రోజులలోపు తిరిగి తెప్పించవచ్చు. ఆ తర్వాత వాళ్ల చేతిలోనూ ఉండదు.

ఉద్యోగం మారినవాళ్లకు

కంపెనీ మెయిల్‌కు ఈ పద్ధతి వాడకండి. అందులో వచ్చేవి కంపెనీ పనికి సంబంధించినవి. సొంత మెయిల్‌కు మళ్లిస్తే చాలా చోట్ల అది నిబంధనల ఉల్లంఘన. మైక్రోసాఫ్ట్ 365 వాడే కంపెనీల్లో బయటి అడ్రసులకు ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ మామూలుగా ఆపేసే ఉంటుంది. సెట్టింగ్ పెట్టనిచ్చినట్టే కనిపిస్తుంది కానీ మెయిల్ వెళ్లదు, ఈ వరుస తిరిగి వస్తుంది:

```
550 5.7.520 Access denied, Your organization does not allow external forwarding.
```

దీని మీద కుస్తీ పట్టవద్దు. రాజీనామా పెట్టగానే, నోటీసు పీరియడ్‌లోనే హెచ్‌ఆర్‌కు రాసి, ఎగ్జిట్ ఫారంలో సొంత మెయిల్ నమోదయిందో లేదో తేల్చుకోండి. ఆగస్టులో మానేసినవారి ఫారం 16 వచ్చేది ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక, తర్వాతి జూన్ 15 ప్రాంతంలో. అప్పటికి మీ కంపెనీ మెయిల్ ఉండదు. పీఎఫ్, పేస్లిప్ పోర్టల్, ఇన్సూరెన్స్, ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే చివరి పని రోజుకు ముందే మార్చుకోవాలి. ఇక బయటివాళ్లు మీకోసం రాసే మెయిళ్లకు, మీరు మానేసినట్టు, ఇకపై ఎవరిని సంప్రదించాలో చెప్పే ఆటో రిప్లై ఒక నెల ఉంచమని మీ మేనేజర్‌ను అడగవచ్చు.