కారం తగిలితే బుగ్గ లోపల భగ్గుమంటోందా? నోటి లైకెన్ ప్లానస్: సమస్య - పరిష్కారం

సమస్య: చేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద పెట్టగానే బుగ్గ లోపల మంట. నోరు పూసిందనుకుని నెలల తరబడి బీకాంప్లెక్స్ మింగినా తగ్గదు.

ఎలా గుర్తుపట్టాలి: మంచి వెలుతురులో, అద్దం ముందు బుగ్గను వేలితో పక్కకు లాగి చూడండి. మామూలు నోటిపూత గుండ్రటి పుండుగా వచ్చి, వారం పది రోజుల్లో మానిపోతుంది. లైకెన్ ప్లానస్‌లో దవడ పళ్లకు ఎదురుగా, ఎక్కువగా రెండు బుగ్గల్లోనూ, సన్నటి తెల్ల గీతలు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. గుడ్డతో తుడిచినా పోవు. తుడిస్తే ఊడొచ్చే తెల్లపొర చాలావరకు ఫంగస్‌ది. గీతలు మాత్రమే ఉంటే చాలామందికి నొప్పే తెలియదు; వాటి మధ్య ఎర్రబడి పొర లేచినప్పుడే కారం తగలనివ్వదు.

కారణం: మన రోగనిరోధక కణాలే నోటి లోపలి పొర మీద దాడి చేస్తాయి. అంటువ్యాధి కాదు. కారం, టెన్షన్ మంటను రేపుతాయంతే. ఇక్కడే ఒక మెలిక ఉంది: ఇలాంటి గీతలు వేరే కారణాలతోనూ రావచ్చు. కావలి వైపు నుంచి మా దగ్గరికొచ్చిన ఒకావిడకు గీతలు ఎడమ బుగ్గలోనే, అదీ ఏనాడో పుచ్చు పంటికి పెట్టించుకున్న వెండి సిమెంట్ ఆనుకునే చోటే ఉన్నాయి. "వక్క నములుతావా అమ్మా?" అంటే "మా అత్త నమిలేది, నాకలవాటు లేదు సార్" అంది. వక్క ఒకే బుగ్గన పెట్టుకునేవాళ్లకూ ఇలాంటి గీతలే వస్తాయి, అందుకే ఆ ప్రశ్న. కొన్ని బీపీ మాత్రలు, నొప్పి బిళ్లలు కూడా ఇలా చేయగలవు. అలాగని మాత్ర మీరే మానేయకండి, రాసిచ్చిన డాక్టరునే అడగండి.

నిర్ధారణ: చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. పుండు మధ్యలోంచి తీస్తే పై పొరే ఉండదు, రిపోర్టులో ఏమీ తేలదు. తెల్ల గీత ఉన్న అంచు నుంచి తీయాలి. చిగుళ్లు తోలులా ఊడుతుంటే, పెంఫిగస్ లాంటి పొక్కుల జబ్బులు కావని తేల్చడానికి ఇంకో ముక్క వేరే ద్రవంలో పంపుతారు. ఆవిడ రిపోర్టులో క్యాన్సర్ వైపు వెళ్లే మార్పులేమీ లేవు. వెండి సిమెంట్ తీసి పంటి రంగుది పెట్టాక కొన్ని నెలల్లో గీతలు పలచబడ్డాయి. సిమెంట్ ఆనని చోట్ల కూడా, రెండు బుగ్గల్లోనూ ఉంటే మాత్రం సిమెంట్ మార్చినా చాలావరకు లాభం ఉండదు.

పరిష్కారం: మంట ఉన్నప్పుడే ట్రైయామ్‌సినోలోన్ లాంటి స్టెరాయిడ్ పేస్టు, డాక్టరు చెప్పినన్ని రోజులు. అన్నం తిన్నాక నోరు పుక్కిలించి, ఆ చోట తడి అద్ది, పలచగా రాసి, అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. అతిగా వాడితే ఫంగస్ పడుతుంది. మందు మంటను అణుస్తుంది గానీ జబ్బును వేళ్లతో పెకలించదు.

ఎన్నేళ్లు చూపించుకోవాలి: మంట తగ్గినా ఆరు నెలలకోసారి. ఏళ్లు గడిచేకొద్దీ నూటికి సుమారు ఒకరికి ఇది నోటి క్యాన్సర్‌గా మారుతుంది. ఎర్రబడి పుండ్లు పడే రకంలో, పొగాకు వాడేవాళ్లలో భయం ఎక్కువ. వెళ్లిన ప్రతిసారీ ఫోటో తీయించుకోండి, పాతదాంతో పోల్చి చూడొచ్చు. ఒకచోట గట్టిపడినా, గడ్డ తగిలినా, రెండు వారాలైనా పుండు మానకపోయినా ఆరు నెలలు ఆగొద్దు. పాత రిపోర్టు బాగానే ఉందన్నా మళ్లీ బయాప్సీ చేయించాల్సిందే.