పదిన్నర గంటల దూరంలో ఉన్న మనిషికి ప్రేమలేఖ ఎలా రాయాలి?

మా ఆయన డాలస్‌లో, నేను విజయవాడలో. ఏడాదిన్నరగా ఇంతే. మొదట్లో రాసిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. శుక్రవారం రాత్రి పదకొండున్నరకి నిద్ర పట్టక లేచి, "ఈ రాత్రి ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాను" అని మొదలుపెట్టి, మనసులో ఉన్నదంతా రాసి ఈమెయిల్ పంపేసి పడుకున్నాను. అప్పుడు ఆయనకి మధ్యాహ్నం ఒంటిగంట. ఆఫీసులో నలుగురితో కలిసి భోజనం చేస్తూ ఫోన్ తెరిచారట. మొదటి వాక్యం చదవగానే టెన్షన్. పొద్దున నేను లేచేసరికి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

అందులో రాసిన మాటల్లో తప్పేం లేదు. రాత్రి పదకొండున్నరకి చదవాల్సిన మాటలు మధ్యాహ్నం ఒంటిగంటకి చేరాయి, అంతే. ఆ తర్వాత రాసిన ఉత్తరాలన్నింటికీ నేను పాటిస్తున్న పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు వాళ్ళు చదివే గంట ఎంచుకోండి

ఏం రాయాలన్నది తర్వాత. మీ మనిషి ఒంటరిగా, తొందర లేకుండా కూర్చునే గంట ఏది? మా ఆయనకి అది శనివారం రాత్రి తొమ్మిది. గిన్నెలు కడిగేసి, రూమ్మేట్స్ ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయాక. మీవాళ్ళకి అది పొద్దున కాఫీ వేళ కావచ్చు, ఆఫీసు నుంచి రైల్లో వచ్చే అరగంట కావచ్చు. తెలియకపోతే ఏదైనా ఫోన్ కాల్‌లో మాటల మధ్య అడిగేయండి.

ఆ గంట మీకు ఎంత అవుతుందో లెక్క వేసుకోండి. డాలస్ వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. కాబట్టి అక్కడ శనివారం రాత్రి 9 అంటే మనకి ఆదివారం పొద్దున 7:30. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలవుతుంది, అప్పుడు అదే వేళ మనకి 8:30. వాళ్ళు మార్చిలో రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబరులో మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం. ఆ రెండు వారాల్లో అలవాటుగా లెక్క వేస్తే ఉత్తరం గంట అటూ ఇటూ అవుతుంది. మీవాళ్ళు మెల్‌బోర్న్‌లో ఉంటే వాళ్ళే మనకంటే ముందుంటారు, గడియారాలు తిప్పే నెలలు కూడా వేరు. ఎక్కడైనా సరే, ఫోన్‌లోని వరల్డ్ క్లాక్‌లో ఆ ఊరు పెట్టుకుని చూసుకోవడమే నయం.

2. వాళ్ళు నిద్రపోతున్నప్పుడు జరిగినవి పోగు చేయండి

రోజూ మాట్లాడుకునేవాళ్ళకి ఉత్తరంలో రాయడానికి ఏముంటుంది అనిపిస్తుంది. చాలా ఉంటుంది. కాల్‌లో మనం చెప్పుకునేవన్నీ పనులు: డబ్బులు పంపావా, అమ్మకి బీపీ ఎలా ఉంది, వీసా సంగతి ఏమైంది. మీ పగటిపూట, వాళ్ళు నిద్రలో ఉన్నప్పుడు జరిగిన చిన్న చిన్న విషయాలకి ఆ కాల్‌లో చోటు దొరకదు. ఉత్తరానికి కావలసింది అవే.

వారం రోజులపాటు ఫోన్‌లో ఒక నోట్ తెరిచి పెట్టుకోండి. ఒక్కో సంగతికి ఒక్క లైను చాలు. ఒక వారం నా నోట్‌లో ఇవి ఉన్నాయి: "బియ్యం రెండు గ్లాసులు పోశాను", "పాలబ్బాయి అన్నయ్య ఎప్పుడొస్తారు అని అడిగాడు", "జామచెట్టుకి పిందెలు", "కరెంటు పోతే నీ టార్చ్ వెతికాను". రాసేటప్పుడు వీటిలో ఒకటే తీసుకోండి, మహా అయితే రెండు. నాలుగూ పెడితే అది వార్తల చిట్టా అవుతుంది. ఏది తీసుకోవాలో తెలుసుకోవడానికి నాదొక గుర్తు ఉంది. ఏ సంగతి జరిగినప్పుడు మీ చెయ్యి ఒక్క క్షణం ఆగిందో అదే తీసుకోండి.

3. ఉత్తరం పైన రెండు గడియారాలూ రాయండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఉత్తరమంతా దీని మీదే నిలబడుతుంది. తేదీ రాసేచోట మీ వారం, వేళ, ఊరు రాసి, పక్కనే వాళ్ళ వేళ కూడా రాయండి. నేను శనివారం రాత్రి కూర్చుని రాస్తాను, ఆయన తన శనివారం రాత్రి చదువుతారు. మధ్యలో దాదాపు పది గంటలు గడిచిపోతాయి, అయినా ఇద్దరికీ అది శనివారం రాత్రే. ఫోన్‌లో ఎప్పుడూ ఒకరికి రాత్రి అయితే ఇంకొకరికి పొద్దున. ఇద్దరం ఒకే రాత్రిలో కూర్చోవడం మాకు ఉత్తరంలోనే కుదురుతుంది. అందుకే నాకు వీడియో కాల్ కంటే ఇదే ఇష్టం.

4. ఇక రాయండి

బియ్యం సంగతితో నేను రాసిన ఉత్తరంలోంచి కొంత భాగం ఇది:

"శనివారం, రాత్రి 9:40, పటమట. నీకు ఇప్పుడు శనివారం పొద్దున 11:10.

బావా,

సాయంత్రం బియ్యం కడగడానికి గ్లాసు తీశాను. రెండు గ్లాసులు పోసేశాక గుర్తొచ్చింది. ఒకటి తీసి మళ్ళీ డబ్బాలో పోసేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. రెండూ వండేశాను. మిగిలిన అన్నం ఆదివారం పొద్దున పులిహోర చేస్తాను. నువ్వు ఇది చదివేసరికి నాకు ఏడున్నర, పోపు వేస్తూ ఉంటాను. ఆవాలు చిటపటలాడగానే నువ్వు గరిటెతో సహా ఒక అడుగు వెనక్కి వేసేవాడివి చూడు, ఈమధ్య నేనూ అలాగే వేస్తున్నాను. ఎప్పుడు అంటుకుందో తెలీదు."

ఇందులో "నువ్వు లేక దిగులుగా ఉంది" అన్న మాట ఎక్కడా లేదు. ఆ రెండో గ్లాసు ఆ మాట చెప్పేసింది. నేను దాన్ని విడిగా మళ్ళీ రాసి ఉంటే గ్లాసు తేలిపోయేది. ఇంకొకటి చూడండి. ఆయన చదివే నిమిషంలో నేను ఏం చేస్తుంటానో ముందే రాసేశాను. ఆయన శనివారం రాత్రి సోఫాలో కూర్చుని చదువుతుంటే, సరిగ్గా అప్పుడే ఇక్కడ పోపు వేగుతోందని ఆయనకి తెలుస్తుంది. రాసిన మాట నిలబెట్టుకోవాలి సుమా. ఆ ఆదివారం నేను నిజంగానే ఏడున్నరకి పొయ్యి దగ్గర ఉన్నాను.

ఆ తర్వాత ఒక పాత జ్ఞాపకం, ఇద్దరికీ మాత్రమే తెలిసింది, రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఆపైన ఒక కోరిక. "త్వరగా వచ్చెయ్" లాంటిది వద్దు, అది వాళ్ళ చేతుల్లో ఉండదు కాబట్టి గుచ్చుకుంటుంది. "నువ్వు వచ్చాక మొదటి ఆదివారం ఎక్కడికీ వెళ్ళకుండా, ఎవరినీ పిలవకుండా ఇంట్లోనే ఉందాం" అన్నట్టు చేయగలిగినది అడగండి. మొత్తం కలిపి చేత్తో రాస్తే రెండు పేజీలు దాటక్కర్లేదు.

కోపాలు, అలకలు, ఎత్తని ఫోన్‌ల లెక్కలు ఉత్తరంలో పెట్టకండి. మీరు రాసేసి పడుకుంటారు, లేచేసరికి కోపం పోతుంది. అవతలి మనిషికి ఆ కోపం అప్పుడే చేరుతుంది, సర్దిచెప్పడానికి మీరు పక్కన ఉండరు. వాటికి ఫోనే సరైనది.

5. వాళ్ళ గంటలో కూర్చుని ఒకసారి చదవండి

రాశాక కనీసం గంట ఆగి చదవండి. "ఈ రాత్రి, నిన్న, రేపు, ఇందాక, పొద్దున" అన్న మాటల దగ్గర ఆగండి. మనం శనివారం పొద్దున 7:30కి మాట్లాడిన కాల్ వాళ్ళకి శుక్రవారం రాత్రి 9 గంటల కాల్. "పొద్దున నీ గొంతు అదోలా ఉంది" అని రాస్తే, ఏ పొద్దున అని వాళ్ళు వెతుక్కుంటారు. "శుక్రవారం రాత్రి నువ్వు మాట్లాడినప్పుడు" అని వాళ్ళ వైపు నుంచి రాయండి. నా ఉత్తరంలో కూడా ముందు "రేపు పులిహోర చేస్తాను" అనే ఉంది. చదివినప్పుడు దాన్ని "ఆదివారం పొద్దున" అని మార్చాను.

మొదటి వాక్యం మాత్రం ఇంకోసారి చూడండి. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో ముందు కనిపించేది అదే. అది విడిగా చదివినా భయపెట్టకూడదు. సబ్జెక్ట్ లైన్‌లో "తీరిగ్గా చదువు, అంతా బాగున్నాం" అని పెడితే మంచిది.

6. పంపడం

ఈమెయిల్ అయితే జీమెయిల్‌లో Send పక్కనున్న బాణం నొక్కితే Schedule send వస్తుంది. ఫోన్‌లో పైనున్న మూడు చుక్కల్లో ఉంటుంది. మీరు ఇక్కడి నుంచి పెడుతున్నారు కాబట్టి ఇక్కడి వేళే ఇవ్వాలి: డాలస్ శనివారం రాత్రి 9 కావాలంటే ఆదివారం పొద్దున 7:30. తేదీ కూడా మారుతుంది, చాలామంది పొరబడేది అక్కడే. వాళ్ళ ఆఫీసు మెయిల్‌కి మాత్రం ఎప్పుడూ పంపకండి, అది కంపెనీ కూడా చూడగలిగే పెట్టె. తెలుగులో టైప్ చేయడం కష్టమైతే కాగితం మీద రాసి, పగటి వెలుతురులో ఫొటో తీసి జత చేయండి. చేతిరాత కనిపిస్తే ఆ తృప్తే వేరు.

పోస్టులో పంపే ఉత్తరం సంగతి వేరు. ఎన్ని రోజులకి చేరుతుందో నమ్మకంగా చెప్పలేం, కాబట్టి అందులో గంటల లెక్క పనికిరాదు. పండగలూ వాతావరణమూ కూడా తీసేసి, నెల తర్వాత చదివినా పాతబడనివే రాయండి. కవర్ వెనక ఒక మూల 1, 2, 3 అని నంబర్ వేయండి, ముందు పంపింది వెనక చేరడం మామూలే. చిరునామా ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసి, దేశం పేరు చివరి లైనులో పెట్టండి. మల్లెపూలు, తులసి ఆకులు లాంటివి లోపల పెట్టాలనిపిస్తుంది, వద్దు. మొక్కలకి సంబంధించిన వాటిని సరిహద్దులో ఆపేయవచ్చు, వాటితోపాటు ఉత్తరమూ ఆగిపోతుంది. కాగితం ఒక్కటే పంపండి.

పంపాక "చదివావా?" అని మెసేజ్ పెట్టకండి. ఆ ఒక్క మాటతో తీరిగ్గా చదివే ఉత్తరం కాస్తా తక్షణం జవాబు చెప్పాల్సిన పని అయిపోతుంది. బియ్యం ఉత్తరానికి మా ఆయన మూడు రోజులు ఏమీ అనలేదు. బుధవారం కాల్‌లో, ఇంటి అద్దె గురించి మాట్లాడుతూ మధ్యలో ఆగి, "పులిహోర ఎలా కుదిరింది?" అని అడిగారు.